కారు క్లెయిమ్‌లో కోత పడినప్పుడు బీమా కంపెనీకి అభ్యంతర లేఖ రాయడం ఎలా?

వర్క్‌షాప్ రూ.84,000 ఎస్టిమేట్ వేసిన కారుకు బీమా కంపెనీ రూ.46,100 మాత్రమే ఇస్తామని చెప్పినప్పుడు, యజమాని రాసే మొదటి లేఖ చాలాసార్లు ఒకేలా ఉంటుంది. ఏటా ప్రీమియం సక్రమంగా కట్టానని, ఇన్నేళ్లలో ఒక్క క్లెయిమూ చేయలేదని, కాబట్టి ఎస్టిమేట్ మొత్తం ఇప్పించాలని అందులో ఉంటుంది. దానికి వచ్చే జవాబు కూడా ఒకేలా ఉంటుంది: నష్టాన్ని లెక్కగట్టడానికి కంపెనీ నియమించిన సర్వేయర్ అసెస్‌మెంట్ ప్రకారం, పాలసీ షరతులకు లోబడి మొత్తాన్ని నిర్ణయించామని రెండు వాక్యాల్లో రాసి ఫైలు మూసేస్తారు. ఆ జవాబు అన్యాయంగా కనిపించినా దానికి ఒక ఆధారం ఉంది. ఎస్టిమేట్‌కూ కంపెనీ ఆఫర్‌కూ మధ్య ఉన్న తేడాలో కొంత భాగాన్ని పాలసీ ప్రకారమే యజమాని భరించాలి. ఆ భాగాన్ని కూడా కలిపి అడిగిన లేఖలో న్యాయమైన అభ్యంతరాలు సైతం కొట్టుకుపోతాయి.

అందువల్ల మంచి అభ్యంతర లేఖ తన వాటాను తానే ముందు ఒప్పుకుని, మిగిలిన తేడాను పద్దుల వారీగా విడదీసి, ఒక్కో పద్దుకూ ఒక్కో ఆధారం చూపిస్తుంది. ఈ వ్యాసంలో అలాంటి లేఖను ఒక ఉదాహరణతో మొదటినుంచి చివరిదాకా తయారు చేద్దాం. లెక్క సులువుగా తెలియడానికి అంకెలను గుండ్రంగా తీసుకున్నాను. అన్నీ జీఎస్టీ కలిపిన ధరలే.

ఉదాహరణలోని కారు 1197 సీసీ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. రిజిస్ట్రేషన్ తేదీ 2020 నవంబర్ 12. 2024 అక్టోబర్ 26 రాత్రి విజయవాడ–హైదరాబాద్ రహదారిపై కోదాడ దాటాక, ఆగి ఉన్న లారీ వెనక మూలకు కారు ఎడమ వైపు తగిలింది. ఆ ఊపులో ఎడమ ముందు చక్రం రోడ్డు అంచున ఉన్న రాతికట్టుకు గుద్దుకుంది. పాలసీ మామూలు ప్యాకేజీ పాలసీ, భాగాలు పాతబడినందుకు వేసే తరుగుదల కోతను తప్పించే జీరో డెప్ యాడ్-ఆన్ లేదు. మీ పాలసీలో జీరో డెప్ ఉంటే కింద చెప్పే తరుగుదల లెక్క చాలావరకు వర్తించదు. అయినా భాగాన్ని మార్చాలా, బాగుచేయాలా అన్న వాదనకు ఇదే పద్ధతి పనికొస్తుంది.

మొదటి పని: కోత ఎక్కడ పడిందో చూపే కాగితం సంపాదించడం

ఫోన్‌కు వచ్చే సందేశంలో మొత్తం మాత్రమే ఉంటుంది. మొత్తం మీద వాదించడానికి ఏమీ ఉండదు. మీకు కావలసింది సర్వేయర్ తయారుచేసిన అసెస్‌మెంట్ షీట్. అందులో ప్రతి భాగానికీ వర్క్‌షాప్ అడిగిన ధర, సర్వేయర్ అనుమతించిన ధర, తీసేసిన తరుగుదల శాతం పక్కపక్కనే ఉంటాయి. క్లెయిమ్ నంబరు రాసి సర్వే నివేదిక ప్రతిని, అసెస్‌మెంట్ షీట్‌ను కంపెనీ నుంచి ఈమెయిల్‌లో అడగండి. ప్రతిని అడిగి తీసుకునే హక్కు పాలసీదారుకు ఉంది. వర్క్‌షాప్ క్లెయిమ్స్ డెస్క్ దగ్గర కూడా ఈ షీట్ తరచుగా ఉంటుంది, కానీ లేఖకు జతచేసే ప్రతి కంపెనీ నుంచి వచ్చినదైతే మేలు.

ఈ దశలోనే ఒక జాగ్రత్త అవసరం. అసెస్‌మెంట్‌కు సమ్మతి తెలుపుతూ సంతకం చేయమనో, ఈమెయిల్‌కు “అంగీకరిస్తున్నాను” అని జవాబివ్వమనో సర్వేయర్ గానీ వర్క్‌షాప్ గానీ అడగవచ్చు. కారు త్వరగా బయటికి వస్తుందన్న ఆశతో చాలామంది ఆ జవాబు ఇచ్చేస్తారు. తర్వాత మీరు లేఖ రాసినప్పుడు కంపెనీ మొదట చూపించేది ఆ జవాబునే. పని మొదలుపెట్టించడం తప్పనిసరి అయితే, “మరమ్మతు ప్రారంభించడానికి మాత్రమే అనుమతిస్తున్నాను, అసెస్‌మెంట్ మొత్తంపై నా అభ్యంతరం అలాగే ఉంది” అని రాయండి.

రెండో పని: మీ వాటాను మీరే తీసేయడం

లేఖ బలమంతా ఇక్కడే ఉంది. ప్యాకేజీ పాలసీ పత్రంలో, వాహనానికి జరిగిన నష్టం గురించి చెప్పే సెక్షన్ 1 కింద, తరుగుదల పట్టిక ఉంటుంది. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్ నుంచి వచ్చిన పట్టికనే దాదాపు అన్ని కంపెనీలూ పాటిస్తున్నాయి. దాని ప్రకారం రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి 50 శాతం, ఫైబర్ గ్లాస్ భాగాలకు 30 శాతం తీసేస్తారు. గాజుకు ఏమీ తీయకూడదు. లోహ భాగాలకు శాతం కారు వయసును బట్టి మారుతుంది: మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపు 25, నాలుగు దాటి అయిదేళ్ల లోపు 35, అయిదు దాటి పదేళ్ల లోపు 40 శాతం. లేబర్ చార్జీలకు తరుగుదల లేదు.

ఎక్కువ తప్పులు జరిగే చోటు పెయింటింగ్. పట్టిక ప్రకారం 50 శాతం తరుగుదలను పెయింటింగ్ చార్జీల్లోని మెటీరియల్ ఖర్చుపై మాత్రమే వేయాలి. మెటీరియల్, పనికూలి విడదీయకుండా ఒకే మొత్తంగా బిల్లు ఉంటే, అందులో 25 శాతాన్ని మెటీరియల్‌గా లెక్కించాలి. అంటే రూ.16,000 పెయింటింగ్ బిల్లులో మెటీరియల్ రూ.4,000, దానిలో సగం రూ.2,000 మాత్రమే కోత. అసెస్‌మెంట్ షీట్‌లో పెయింటింగ్ పద్దు సరిగ్గా సగమై కనిపిస్తే నియమం తప్పినట్టే.

ఇప్పుడు మన కారుకు వర్క్‌షాప్ ఎస్టిమేట్ ఇలా ఉందనుకుందాం. లోహ భాగాల్లో బానెట్ రూ.9,600, ఎడమ ఫెండర్ రూ.4,400, ఎడమ ముందు డోర్ రూ.14,000, చక్రాన్ని కారు చట్రానికి కలిపే లోయర్ ఆర్మ్ రూ.4,000 కలిపి రూ.32,000. ప్లాస్టిక్ భాగాల్లో ముందు బంపర్, హెడ్‌ల్యాంప్, గ్రిల్ కలిపి రూ.16,000. ముందు అద్దం రూ.9,000. లేబర్ రూ.11,000. పెయింటింగ్ రూ.16,000. మొత్తం రూ.84,000.

ప్రమాదం జరిగిన రోజుకు కారు వయసు నాలుగేళ్లు నిండలేదు కాబట్టి లోహ భాగాలపై తరుగుదల రూ.8,000. ప్లాస్టిక్‌పై రూ.8,000. పెయింటింగ్‌పై రూ.2,000. 1500 సీసీ వరకు ఉన్న కార్లకు తప్పనిసరి మినహాయింపు, అంటే కంపల్సరీ డిడక్టిబుల్, రూ.1,000. మార్చిన పాత భాగాలను అమ్మితే వచ్చే ధర, అంటే సాల్వేజ్ విలువగా సర్వేయర్ వేసిన రూ.1,000 సమంజసంగానే ఉంది. ఇవన్నీ కలిపి రూ.20,000. ఇది యజమాని వాటా. మీరు ప్రీమియం తగ్గించుకోవడానికి వాలంటరీ డిడక్టిబుల్ తీసుకుని ఉంటే దాన్నీ ఇక్కడే కలపాలి. కన్స్యూమబుల్స్ యాడ్-ఆన్ లేకపోతే కూలెంట్, ఇంజన్ ఆయిల్, నట్లు బోల్టుల ఖర్చు కూడా సాధారణంగా మీదే అవుతుంది.

ఎస్టిమేట్‌లోంచి ఈ వాటా తీసేస్తే కంపెనీ చెల్లించవలసింది రూ.64,000. ఆఫర్ రూ.46,100. అంటే ఎస్టిమేట్‌తో పోల్చి చూసినప్పుడు తేడా రూ.37,900గా కనిపించినా, వాదించదగిన తేడా రూ.17,900 మాత్రమే. ఎక్కువ అడిగితే మధ్యలో ఎక్కడో తెగుతుందని కొందరు సలహా ఇస్తారు. క్లెయిమ్స్ విభాగం బేరమాడే చోటు కాదు, పద్దు పద్దుకూ కారణం రాసుకోవలసిన చోటు. పాలసీకి విరుద్ధమైన ఒక్క రూపాయి అడిగినా మీ లెక్క మొత్తాన్నీ అనుమానంతో చూస్తారు. అందుకే లేఖలో రూ.17,900కే కట్టుబడాలన్నది నా గట్టి అభిప్రాయం.

మూడో పని: లెక్క తప్పులను, అభిప్రాయ భేదాలను వేరు చేయడం

మన అసెస్‌మెంట్ షీట్‌లో నాలుగు తేడాలున్నాయి. పెయింటింగ్ రూ.16,000లో సగం కోసేశారు, రూ.14,000 రావలసిన చోట రూ.8,000 వచ్చింది. బానెట్, ఫెండర్‌లకు 25 శాతం బదులు 35 శాతం తరుగుదల వేశారు, రూ.1,400 తగ్గింది. డోర్ మార్చనక్కర్లేదని, డెంటింగ్‌కు అదనంగా రూ.3,000 చాలని రాశారు. తరుగుదల పోను రూ.10,500 రావలసినది కాబట్టి తేడా రూ.7,500. లోయర్ ఆర్మ్‌ను పాత అరుగుదలగా చూపి పూర్తిగా కొట్టేశారు. తరుగుదల పోను రూ.3,000 పోయింది.

మొదటి రెండూ లెక్క తప్పులు. వీటికి ఫొటోలు, రెండో ఎస్టిమేట్ ఏవీ అవసరం లేదు. పాలసీ పేజీ, ఆర్‌సీ ప్రతి చాలు. 35 శాతం ఎలా పడిందో వెతికితే కారణం తేదీల్లో దొరుకుతుంది. ప్రమాదం అక్టోబర్ 26న జరిగింది, అసెస్‌మెంట్ నవంబర్ 20న తయారైంది. ఆ మధ్యలో, నవంబర్ 12న కారుకు నాలుగేళ్లు నిండాయి. నష్టం జరిగింది ప్రమాదం రోజున కాబట్టి వయసును ఆ రోజుకే లెక్కించాలి. వర్క్‌షాప్‌లో కారు నిలిచి ఉన్న రోజులు దాని వయసును పాలసీదారుకు నష్టం కలిగేలా పెంచకూడదు. ప్రమాద తేదీకీ మీ కారు పుట్టినరోజుకూ మధ్య ఒకటి రెండు నెలలే ఎడం ఉంటే ఈ పద్దును తప్పక సరిచూసుకోండి.

మిగిలిన రెండూ సర్వేయర్ నిర్ణయాలు. వీటిని తప్పు అని రాస్తే సరిపోదు, ఎందుకు తప్పో ఇనుములో చూపించాలి. ఎస్టిమేట్లు, ఫొటోలు పనికొచ్చేది ఇక్కడే.

నాలుగో పని: జతచేయడానికి తగిన ఎస్టిమేట్లు తయారు చేయించడం

ఒక ఎస్టిమేట్ వర్క్‌షాప్‌ది ఎలాగూ ఉంటుంది. వర్క్‌షాప్‌కు భాగాలు మార్చడంలోనే లాభం కాబట్టి, కంపెనీ దాని మాటను సగం మాత్రమే నమ్ముతుంది. అందుకే వివాదంలో ఉన్న పద్దులకు మాత్రం, ఆ పని చేయబోని మరొక గ్యారేజీ నుంచి రెండో ఎస్టిమేట్ తీసుకోండి. రెండో ఎస్టిమేట్ కారు మొత్తానికి తీసుకుంటే భాగాల జాబితాలు ఒకదానితో ఒకటి కలవక, ఒకదాంట్లో ఉన్నది ఇంకొకదాంట్లో లేక, రెండూ బలహీనపడతాయి.

రెండు ఎస్టిమేట్లూ జీఎస్టీ నంబరు ఉన్న లెటర్‌హెడ్‌పై, తేదీతో, ముద్రతో, రిజిస్ట్రేషన్ నంబరు, చాసిస్ నంబరు సహా ఉండాలి. భాగం ధర, లేబర్, పెయింటింగ్ విడివిడిగా కనిపించాలి. “డోర్ పని – రూ.17,000” అన్న ఒక్క వరుస ఎవరినీ ఒప్పించదు. భాగాన్ని ఎందుకు మార్చాలో ఒక వాక్యంలో రాయమని గ్యారేజీ వారిని అడగండి. ధర కంటే ఆ వాక్యానికే విలువ ఎక్కువ.

డోర్ విషయం దగ్గరగా చూద్దాం. బయటి రేకుకు పడిన సొట్టను డెంటింగ్‌తో సరిచేయవచ్చు, సర్వేయర్ చూసింది దానినే. కానీ డోర్ లోపల, పక్కనుంచి వచ్చే దెబ్బను తట్టుకోవడానికి గట్టి ఉక్కుతో చేసిన బీమ్ ఒకటి అడ్డంగా ఉంటుంది. అది వంగితే కొట్టి నిటారు చేసినా పాత బలం తిరిగి రాదు. అందుకే ఈ సందర్భంలో డోర్‌ను మార్చాలి. బీమ్ వంగిందో లేదో తెలియాలంటే లోపలి ట్రిమ్ ప్యానెల్ విప్పించాలి. విప్పినప్పుడు బీమ్ పొడవునా ఒక స్టీల్ స్కేలు ఆనించి, స్కేలుకూ బీమ్‌కూ మధ్య సందు కనిపించేలా ఫొటో తీయించండి. డోర్ మూసి ఉన్నప్పుడు ఫెండర్‌కూ డోర్‌కూ మధ్య సందును పైన ఒకసారి, కింద ఒకసారి కొలిచి, కుడి వైపు డోర్ కొలతలతో పోల్చండి. కుడి వైపు పైనా కిందా 4 మిల్లీమీటర్లు ఉండి, ఎడమ వైపు పైన 4, కింద 9 ఉంటే దెబ్బ రేకుతో ఆగలేదని ఎవరికైనా అర్థమవుతుంది. ఈ పరీక్షలో బీమ్ వంగలేదని తేలితే ఆ పద్దును లేఖలోంచి తీసేయండి. సర్వేయర్ చెప్పిందే సరైనదని అర్థం.

లోయర్ ఆర్మ్‌కు సాక్ష్యం వీల్ అలైన్‌మెంట్ ప్రింట్‌అవుట్. అరుగుదల వల్ల వచ్చే తేడా సాధారణంగా రెండు పక్కలా కొద్దికొద్దిగా ఉంటుంది. గుద్దుకోవడం వల్ల వచ్చేది ఒక్క పక్కే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎడమ చక్రం క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి వంగిన కోణం, హద్దు దాటి, కుడిది హద్దులోనే ఉంటే, ఎడమ రిమ్ అంచున రాతి గీతలు కూడా ఉంటే, కారణం ప్రమాదమేనని చెప్పడానికి గట్టి ఆధారం దొరికినట్టే. భాగాన్ని విప్పాక వంగిన చోటును దగ్గరగా ఫొటో తీయండి. కొత్తగా చిట్లిన లోహం మెరుస్తూ ఉంటుంది. పాత దెబ్బలో తుప్పు, గట్టిపడిన మట్టి, నూనె మరక ఉంటాయి. అయితే విప్పి వారాలు గడిస్తే కొత్త చిట్లుపైనా తుప్పు పడుతుంది, కాబట్టి ఫొటో అదే రోజు తీయాలి. విప్పిన భాగాలను వివాదం తేలేదాకా వర్క్‌షాప్‌లోనే పేరు రాసి ఉంచమని రాతపూర్వకంగా చెప్పండి. భాగం పోతే పునఃపరిశీలన కోరే అవకాశం కూడా పోతుంది.

అయిదో పని: లేఖ

లేఖ రెండు పేజీలు దాటకూడదు. ప్రమాదం ఎలా జరిగిందో మళ్లీ కథగా చెప్పనక్కర్లేదు. అది క్లెయిమ్ ఫారంలో ఉంది. ముందు లెక్క తప్పులు, తర్వాత సర్వేయర్ నిర్ణయాలపై అభ్యంతరాలు రావాలి. మొదటి రెండు పద్దులను కాదనడానికి వీలుండదు కాబట్టి, చదివే అధికారి మూడోదానికి వచ్చేసరికి షీట్‌ను మళ్లీ చూడక తప్పదన్న స్థితికి వస్తాడు.

లేఖ తెలుగులో రాయవచ్చు. కానీ క్లెయిమ్ ఫైలు తరచుగా వేరే రాష్ట్రంలోని కార్యాలయానికి వెళుతుంది కాబట్టి ఇంగ్లిష్ ప్రతిని కూడా జతచేయడం మంచిది. నమూనా ఇది:

> తేదీ: ……
>
> గౌరవనీయులైన క్లెయిమ్స్ మేనేజర్ గారికి,
> ప్రతి: గ్రీవెన్స్ అధికారి గారికి
>
> విషయం: పాలసీ నంబరు ……, క్లెయిమ్ నంబరు ……, వాహనం నంబరు …… – అసెస్‌మెంట్‌పై అభ్యంతరం, రూ.17,900 సవరణకు అభ్యర్థన.
>
> అయ్యా / అమ్మా,
>
> పై క్లెయిమ్‌కు సంబంధించి మీరు …… తేదీన తెలియజేసిన రూ.46,100 మొత్తాన్ని తుది పరిష్కారంగా నేను అంగీకరించడం లేదు. వర్క్‌షాప్ ఎస్టిమేట్ రూ.84,000లో పాలసీ ప్రకారం నేను భరించవలసిన తరుగుదల, డిడక్టిబుల్, సాల్వేజ్ కలిపి రూ.20,000 అని ఒప్పుకుంటున్నాను. మిగిలిన రూ.64,000కూ మీ ఆఫర్‌కూ మధ్య ఉన్న రూ.17,900పై నా అభ్యంతరాలు ఇవి.
>
> 1. పెయింటింగ్, రూ.6,000: ఏకమొత్తంగా ఉన్న రూ.16,000 బిల్లు అంతటిపైనా 50 శాతం తరుగుదల వేశారు. పాలసీ సెక్షన్ 1 ప్రకారం 25 శాతాన్ని మాత్రమే మెటీరియల్‌గా పరిగణించి, దానిపైనే 50 శాతం తీయాలి. చెల్లించవలసినది రూ.14,000. (జత 1: పాలసీ పత్రం, సంబంధిత పేజీ)
>
> 2. బానెట్, ఫెండర్, రూ.1,400: రిజిస్ట్రేషన్ 2020 నవంబర్ 12న, ప్రమాదం 2024 అక్టోబర్ 26న జరిగాయి. ప్రమాదం నాటికి వాహనం వయసు నాలుగేళ్ల లోపు కాబట్టి 35 శాతం కాక 25 శాతం వర్తిస్తుంది. (జత 2: ఆర్‌సీ ప్రతి)
>
> 3. ఎడమ ముందు డోర్, రూ.7,500: డోర్ లోపలి బీమ్ వంగింది. ఫెండర్‌కూ డోర్‌కూ మధ్య సందు పైన 4, కింద 9 మిల్లీమీటర్లుగా ఉంది. కుడి వైపు రెండు చోట్లా 4 మిల్లీమీటర్లే ఉంది. బయటి రేకుకు డెంటింగ్ చేస్తే ఈ లోపం తీరదు. రెండు ఎస్టిమేట్లూ డోర్ మార్చాలనే చెబుతున్నాయి. (జత 3, 4: ఎస్టిమేట్లు, జత 5: ఫొటోలు)
>
> 4. లోయర్ ఆర్మ్, రూ.3,000: అరుగుదల అన్న కారణంతో తిరస్కరించారు. అలైన్‌మెంట్ నివేదికలో తేడా ఢీకొన్న ఎడమ చక్రానికే పరిమితమై ఉంది. రిమ్‌పై తాజా గీతలున్నాయి. (జత 6: అలైన్‌మెంట్ నివేదిక, జత 7: ఫొటోలు)
>
> కాబట్టి ఈ కింది విధంగా చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాను.
>
> (అ) 1, 2 అంశాలను వెంటనే సవరించండి.
> (ఆ) 3, 4 అంశాల్లో నా సమక్షంలో పునఃపరిశీలన జరిపించండి. భాగాలను …… వర్క్‌షాప్‌లో భద్రపరిచాను.
> (ఇ) వివాదం లేని రూ.46,100ను, మిగిలిన మొత్తంపై నా హక్కులకు భంగం లేకుండా విడుదల చేయండి.
> (ఈ) ఏ అంశాన్నైనా తిరస్కరిస్తే, దానికి ఆధారమైన పాలసీ నిబంధనను పేర్కొంటూ రాతపూర్వకంగా కారణం తెలియజేయండి.
>
> సర్వేయర్ నివేదిక నిర్ణయించిన మొత్తానికి భిన్నమైన మొత్తం చెల్లించే అధికారం బీమా చట్టం 1938లోని సెక్షన్ 64యూఎం ప్రకారం మీకు ఉందని గుర్తుచేస్తున్నాను.
>
> భవదీయులు,
> పేరు, చిరునామా, ఫోన్ నంబరు, సంతకం

చివరి పేరాకు ఒక ప్రయోజనం ఉంది. “సర్వేయర్ ఇంతే వేశారు, మా చేతుల్లో ఏమీ లేదు” అన్న మాట కంపెనీ కౌంటర్ దగ్గర తప్పక వినిపిస్తుంది. ఆ సెక్షనే దానికి సమాధానం. 2009లో న్యూ ఇండియా అష్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కూడా సర్వేయర్ నివేదిక క్లెయిమ్ పరిష్కారానికి పునాది కావచ్చు గానీ, అది చివరి మాట కాదని, బీమా సంస్థకు గానీ పాలసీదారుకు గానీ తప్పనిసరిగా కట్టుబడవలసినది కాదని స్పష్టం చేసింది. తీర్పు పేరును మొదటి లేఖలో రాయడం అవసరం లేదని నా సలహా. మొదటి లేఖలో కోర్టు మాట ఎత్తితే ఫైలు సర్దుబాటు చేయగలిగే అధికారి చేయి దాటి న్యాయ విభాగానికి వెళ్లవచ్చు. దాన్ని తర్వాతి దశకు ఉంచుకోండి.

లేఖలో ఉండకూడనివి కూడా ఉన్నాయి. సర్వేయర్ లంచం ఆశించారని, వర్క్‌షాప్‌తో కుమ్మక్కయ్యారని ఆధారం లేకుండా రాయవద్దు. మానసిక వేదనకు పరిహారం ఈ దశలో అడగవద్దు. ప్రమాదానికి ముందే ఉన్న గీతను, వెనక బంపర్ పగులును ఈ క్లెయిమ్‌లో కలపవద్దు. సర్వేయర్ మొదటి రోజు తీసిన ఫొటోలు ఫైలులో ఉంటాయి.

ఆరో పని: పంపడం, ఆ తర్వాత ఎదురుచూడడం

లేఖను, జతలన్నిటినీ ఒకే పీడీఎఫ్‌గా చేసి కంపెనీ క్లెయిమ్స్ ఈమెయిల్‌కు, గ్రీవెన్స్ అధికారి ఈమెయిల్‌కు ఒకేసారి పంపండి. కాగితం ప్రతిని పాలసీ ఇచ్చిన కార్యాలయానికి అందినట్టు రుజువు ఉండేలా స్పీడ్ పోస్ట్‌లో పంపండి. కస్టమర్ కేర్‌కు చేసిన ఫోన్ కాల్స్ రాతపూర్వక ఫిర్యాదుగా లెక్కలోకి రావు. బీమా ఫిర్యాదులను విచారించే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లేటప్పుడు, ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారా అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. అదే ఫిర్యాదును బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ bimabharosa.irdai.gov.in లో కూడా నమోదు చేయవచ్చు. 155255 నంబరుకు ఫోన్ చేసి కూడా చేయవచ్చు. పోర్టల్ మీ తరఫున తీర్పు ఇవ్వదు. ఫిర్యాదును కంపెనీకి చేర్చి, జవాబు వచ్చిందో లేదో గమనిస్తుంది. జవాబు రాబట్టడానికి అది సాధారణంగా సరిపోతుంది.

ఈలోగా కారు అవసరమై, తేడా మొత్తాన్ని మీరే కట్టి విడిపించుకోవలసి రావచ్చు. కట్టవచ్చు. అయితే ఫైనల్ బిల్లులో డోర్, లోయర్ ఆర్మ్ మార్చినట్టు విడిగా కనిపించాలి, చెల్లించిన రసీదు మీ పేరున ఉండాలి. ఎస్టిమేట్ అంచనా మాత్రమే. చివరికి కంపెనీ బిల్లునే చూస్తుంది. పునఃపరిశీలన పూర్తికాకముందే భాగాలు బిగించేస్తే సాక్ష్యం పోతుంది. కాబట్టి కోరిన తేదీని గుర్తుచేస్తూ కంపెనీకి ఇంకొక ఈమెయిల్ పంపి, ఫొటోలు తీశాకే బిగింపునకు ఒప్పుకోండి.

డబ్బు విడుదల చేయడానికి “పూర్తి, తుది పరిష్కారం” అని రాసిన డిశ్చార్జ్ వోచర్ ఇస్తే, దానిపై “అభ్యంతరానికి లోబడి, రూ.46,100 మేరకు మాత్రమే” అని చేతిరాతతో రాసి సంతకం పెట్టి, ప్రతి ఉంచుకోండి. వోచర్‌పై సంతకం ఉన్నంత మాత్రాన పాలసీదారు ఎక్కువ మొత్తం కోరడానికి వీల్లేదని కంపెనీలు వాదించకూడదని ఐఆర్‌డీఏఐ 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది. అయినా చేతిరాత వాక్యం ఉంటే వాదన దాకా వెళ్లనక్కర్లేదు.

జవాబులో తరచుగా జరిగేది ఏమిటంటే, లెక్క తప్పుల్ని సవరించి, సర్వేయర్ నిర్ణయాల్ని అలాగే ఉంచడం. మన ఉదాహరణలో అది రూ.7,400 పెరుగుదల, మిగిలేది రూ.10,500. ఆ స్థితిలో ముందుకు వెళ్లాలా వద్దా అన్నది మీ ఫొటోల బలాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. బీమ్ వంపు స్కేలుతో సహా స్పష్టంగా కనిపిస్తే వెళ్లవచ్చు. ఎస్టిమేట్‌లోని మాట తప్ప వేరే ఆధారం లేకపోతే అక్కడితో ఆపడమే మేలు.

కంపెనీ జవాబు సంతృప్తికరంగా లేకపోయినా, నెల రోజుల్లో జవాబే రాకపోయినా, బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాం వారికి హైదరాబాద్ కార్యాలయమే వర్తిస్తుంది. cioins.co.in ద్వారా ఆన్‌లైన్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, న్యాయవాది అవసరం లేదు, రూ.50 లక్షల దాకా వివాదాలను విచారిస్తారు. ఫిర్యాదు కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి ఏడాది లోపు చేయాలి. అంబుడ్స్‌మన్ ఇచ్చే అవార్డు కంపెనీకి కట్టుబాటు అవుతుంది. మీకు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి మీకు ఉంటుంది. అయితే అదే విషయం కమిషన్‌లో గానీ కోర్టులో గానీ విచారణలో ఉంటే అంబుడ్స్‌మన్ దాన్ని చేపట్టరు, కాబట్టి ఈ రెండింటిలో ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికే వెళ్లండి. కమిషన్‌లో ఫిర్యాదుకు వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం రెండేళ్ల గడువు ఉంది. అంబుడ్స్‌మన్ విచారణ సాగుతున్నంతకాలం ఆ గడువు తేదీని కూడా గమనిస్తూ ఉండాలి.

అంబుడ్స్‌మన్ దరఖాస్తుకు వాస్తవాలను కొత్తగా రాయనక్కర్లేదు. కంపెనీకి పంపిన లేఖ, ఏడు జతలు, పోస్టు రుజువు, కంపెనీ జవాబు, ఫైనల్ బిల్లు అదే క్రమంలో పెట్టి, కంపెనీ ఒప్పుకున్న పద్దులను తీసేసి, మిగిలిన రూ.10,500కు సవరించిన లెక్కను ఒక పేజీలో పైన పెట్టండి. 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పును ప్రస్తావించవలసింది ఆ పేజీలోనే.